ఆరో స్క్రూ దిగలేదు: మెట్టు రంధ్రాల వరుసలో చైన్, బేస్‌లైన్ కొలతల డైరీ

మొదటి రోజు

పని చిన్నదే. 240 మి.మీ. పొడవు, 12 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం ప్లేటు. దాని కింద అంతే పొడవున్న ఉక్కు పట్టీ. రెండింటినీ ఆరు ఎం6 అలెన్ స్క్రూలతో బిగించాలి. స్క్రూ తలలు పైకి కనిపించకూడదు కాబట్టి ప్లేటులో మెట్టు రంధ్రాలు కావాలి. అంటే కింది నుంచి పై దాకా 6.4 మి.మీ. రంధ్రం, పై నుంచి కొంత లోతు వరకు 11 మి.మీ. కౌంటర్‌బోర్. పట్టీలో ఎం6 మరలు. 6.4 ఊరికే ఎంచుకున్నది కాదు. ఎం6 స్క్రూకు ఐఎస్ఓ 273 పట్టికలో దగ్గరి అమరికకు ఇచ్చిన సైజు అదే. మధ్యస్థానికి 6.6 ఇస్తారు. ప్లేటు కదలకుండా కూర్చోవాలని 6.4 తీసుకున్నాను. ఈ 0.2 మి.మీ. పిసినారితనానికి తర్వాత మూల్యం చెల్లించాను.

డ్రాయింగు పది నిమిషాల్లో గీశాను. అంచు నుంచి మొదటి రంధ్రానికి 20, అక్కడి నుంచి ఒక్కో రంధ్రానికి 40, ఇలా ఐదు సార్లు. ప్రతి కొలతకూ ±0.1. ఒక రంధ్రం నుంచి పక్క రంధ్రానికి, అక్కడి నుంచి దాని పక్కదానికి గొలుసులా సాగే ఈ పద్ధతినే చైన్ కొలతలంటారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కవు, అన్నీ ఒకే వరుసలో కూర్చుంటాయి. ఆ అందానికే పడిపోయాను.

రెండో రోజు

డ్రిల్ ప్రెస్ బల్ల మీద ఒక జిగ్ పెట్టాను. డ్రిల్ అక్షానికి ఎడమవైపు సరిగ్గా 40.00 మి.మీ. దూరంలో ఒక పిన్ను. మొదటి రంధ్రం తొలిచి, ప్లేటును ఎడమకు జరిపి ఆ రంధ్రాన్ని పిన్ను మీద కూర్చోబెడితే డ్రిల్ కింద రెండో రంధ్రం చోటు వస్తుంది. రెండోదాన్ని పిన్ను మీద పెడితే మూడోది వస్తుంది. ప్రతిసారీ ముందు సెంటర్ డ్రిల్, తర్వాత 6.4 డ్రిల్. పక్కలకు జరగకుండా వెనుక ఫెన్సు ఉంది. అరగంటలో ఆరు రంధ్రాలు అయిపోయాయి.

నాలుగో రోజు

పట్టీ కూడా అదే జిగ్‌లో తొలిచాను. మరల కోసం 5 మి.మీ. డ్రిల్, దానికి తగిన సన్నటి పిన్ను. ట్యాప్ వేసి శుభ్రం చేసి ప్లేటును పైన పెట్టాను.

మొదటి స్క్రూ హాయిగా దిగింది. రెండు, మూడు, నాలుగు కూడా అంతే. ఐదోది కొంచెం బెట్టు చేసి, ప్లేటును అటూ ఇటూ ఆడిస్తే దిగింది. ఆరోది మర అంచు దగ్గరే ఆగిపోయింది. కౌంటర్‌బోర్‌లోంచి టార్చి వేసి చూస్తే కింది మర రంధ్రం నిండు వృత్తంలా కనిపించలేదు. ఒక పక్కన ప్లేటు రంధ్రపు గోడ దాన్ని నెలవంకలా కప్పేసింది.

స్క్రూలన్నీ తీసి, ఆరు నుంచి ఒకటికి వెనక్కి బిగించాను. ఈసారి మొదటిది దిగలేదు. మధ్యలోంచి మొదలుపెట్టినా ఏదో ఒక చివర మొండికేసింది.

ఐదో రోజు

కొలిచాను. మెట్టు రంధ్రాల మధ్య దూరం కొలవాలంటే ప్లేటును తిరగేసి వెనుక ముఖం నుంచి కొలవాలి. పైనుంచి కొలిస్తే కాలిపర్ కొన కౌంటర్‌బోర్ గోడకు తగులుతుంది. రెండు రంధ్రాల దూరపు అంచుల మధ్య ఒక కొలత, దగ్గరి అంచుల మధ్య ఒక కొలత తీసుకుని, రెండూ కూడి సగం చేస్తే కేంద్రాల దూరం వస్తుంది. రంధ్రం 6.40 ఉందా 6.44 ఉందా అన్న బాధ ఈ పద్ధతిలో ఉండదు. నా కాలిపర్ తెర మీద 0.01 చూపిస్తుంది కానీ అందులో రెండు మూడు వందవ వంతుల అనుమానం ఎప్పుడూ ఉంటుంది. ఆ దృష్టితోనే కింది అంకెలు చదవాలి.

ప్లేటులో వరుసగా 40.07, 40.05, 40.08, 40.06, 40.06. పట్టీలో 39.94, 39.95, 39.92, 39.95, 39.94.

డ్రాయింగు ±0.1 అంటోంది. పదింటిలో ఒక్కటీ గీత దాటలేదు. డ్రాయింగు పట్టుకుని తనిఖీ చేసే మనిషి రెండు భాగాలనూ మంచివే అంటాడు, అనక తప్పదు. కానీ మొదటి రంధ్రం నుంచి ఆరోదానికి ప్లేటులో 200.32 ఉంది, పట్టీలో 199.70 ఉంది. తేడా 0.62.

ఆ తేడాను మింగగలిగేది రంధ్రంలోని ఖాళీ ఒక్కటే. నా రంధ్రం నిజంగా 6.44, స్క్రూ మర బయటి వ్యాసం 5.90, కాబట్టి ఖాళీ 0.54. మొదటి స్క్రూ దగ్గర ప్లేటు ఒక పక్కకు పూర్తిగా జరిగి, చివరి స్క్రూ దగ్గర రెండో పక్కకు పూర్తిగా ఆనుకుంటే మొత్తం 0.54 దాకా సర్దుకుంటుంది. రెండో రంధ్రం దగ్గర పేరుకున్న తేడా 0.13. మూడో దగ్గర 0.23, నాలుగో దగ్గర 0.39, ఐదో దగ్గర 0.50. ఐదోది బెట్టు చేసి ఎందుకు దిగిందో, ఆరోది ఎందుకు దిగలేదో ఈ అంకెల్లోనే ఉంది. ఎటు నుంచి మొదలుపెట్టినా ఫలితం మారకపోవడానికి కారణమూ ఇదే. రెండు చివరల మధ్య ఉన్న 0.62 ఎక్కడి నుంచి మొదలుపెట్టినా 0.62గానే ఉంటుంది.

ఆరో రోజు

తప్పులన్నీ ఒకే వైపుకు ఎలా పోయాయన్నది నిద్ర పట్టనివ్వలేదు. ఐదు తప్పులు ఒకదానికొకటి సంబంధం లేకుండా కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువగా పడితే, వాటి మొత్తం ఐదు రెట్లు కాకుండా దాదాపు ఐదు వర్గమూలం రెట్లు, అంటే 2.24 రెట్లు దగ్గర ఉంటుందని లెక్క. ప్లేటులో ఒక్కో తప్పు సగటున 0.064. అవి ఎదురెదురుగా పడి ఉంటే మొత్తం 0.14 దగ్గర ఆగి ఉండేది. నాకు వచ్చింది 0.32, అంటే ఐదు రెట్లకు ఐదు రెట్లూ.

జిగ్ పిన్నును కొలిస్తే దొరికింది. పిన్ను 6.32, రంధ్రం 6.44. నడుమ 0.12 వదులు. ప్లేటు తొలిచేటప్పుడు నేను ఎడమ చేత్తో దాన్ని డ్రిల్‌కు దూరంగా లాగి పట్టుకున్నాను. అప్పుడు రంధ్రపు కేంద్రం పిన్ను కేంద్రానికి 0.06 ఎడమకు పోతుంది, కొత్త రంధ్రం 40.06 దూరంలో పడుతుంది. పట్టీ బరువైనది. దాన్ని డ్రిల్ వైపుకు నెట్టి పట్టుకున్నాను. వదులు అక్కడా దాదాపు అంతే, దిశ మాత్రం తారుమారు, ఫలితం 39.94. ఐదు సార్లూ అదే చెయ్యి, అదే అలవాటు. వర్గమూలం లెక్క తప్పులు ఒకదాని మాట ఒకటి వినకపోతేనే పనికొస్తుంది. ఇక్కడ అన్నిటికీ నా ఎడమ చెయ్యే పెద్ద.

ఏడో రోజు

పక్క బెంచీ దగ్గర పనిచేసే పెద్దాయన టూల్‌రూమ్‌లో చాలా ఏళ్లు గడిపిన మనిషి. డ్రాయింగు చూపించాను. కళ్లజోడు పైకి నెట్టి ఒకటే అడిగారు.

"ఆరో రంధ్రం అంచు నుంచి ఎంత దూరంలో ఉండాలో ఇందులో ఎక్కడ రాశావు బాబూ?"

"రాయలేదండీ. అన్నీ కూడితే 220 వస్తుంది."

"కూడితే ప్లస్ మైనస్‌లు కూడా కూడతాయి కదా. అవి ఎంతయ్యాయి?"

±0.6. రంధ్రాల మధ్య దూరాలు ఐదు, మొదటిదానికి అంచు నుంచి ఒకటి, మొత్తం ఆరు ±0.1లు. అంచును వదిలేసి మొదటి రంధ్రం నుంచి చూసుకున్నా ±0.5. ప్లేటుకు 0.5, పట్టీకి 0.5 ఎదురెదురుగా పోతే తేడా 1.0 దాకా రావచ్చు. పుస్తకం ప్రకారం ఉన్న ఖాళీ 6.4లోంచి 6.0 తీస్తే 0.4. డ్రాయింగు అనుమతించినది స్క్రూ అనుమతించే దానికి రెండున్నర రెట్లు. ఆరో స్క్రూ దిగకపోవడం దురదృష్టం కాదు, నేను కాగితం మీద రాసిచ్చిన అనుమతి.

గొలుసునే ఉంచి గండం తప్పించుకోవాలంటే ఏం చేయాలో కూడా లెక్క వేశాను. 0.4ను రెండు భాగాల్లోని పది దూరాలకు పంచితే ఒక్కోదానికి ±0.04. డ్రిల్ ప్రెస్ మీద అది నాకు అసాధ్యం.

ఎనిమిదో రోజు

డ్రాయింగు మార్చాను. ఎడమ అంచును ఆధారంగా తీసుకుని, అక్కడి నుంచే అన్నీ: 20, 60, 100, 140, 180, 220. ప్రతిదానికీ అదే ±0.1. ఇది బేస్‌లైన్ పద్ధతి. కాగితం మీద ఆరు గీతలు మెట్లు మెట్లుగా పేరుకుని ఎక్కువ చోటు తిన్నాయి. సరే, తిననివ్వండి.

ఇప్పుడు ఆరో రంధ్రం అంచు నుంచి ±0.1 మాత్రమే. నడుమ ఎన్ని రంధ్రాలున్నా దానికి సంబంధం లేదు. ఏ రెండు రంధ్రాల మధ్య దూరమైనా రెండు కొలతల తేడా కాబట్టి ±0.2. ఒకటికీ ఆరుకూ మధ్య ±0.2, ప్లేటుకూ పట్టీకీ కలిపి 0.4. ఖాళీ కూడా 0.4. అంచు మీద నడక లాంటిదే, కానీ సరిపోతుంది.

ఈ ±0.2ను ఇంకొంచెం సేపు చూసి ఉండాల్సింది. ఏ రెండు రంధ్రాల మధ్యనైనా అంటే పక్కపక్క రంధ్రాల మధ్య కూడా. గొలుసులో అక్కడ ±0.1 ఉండేది. బేస్‌లైన్‌లో అది రెట్టింపయింది. ఆ రోజు నా దృష్టంతా ఆరో రంధ్రం మీదే ఉంది.

తొమ్మిదో రోజు

డ్రాయింగు మారినా చేతి పద్ధతి మారకపోతే ఏం జరుగుతుందో ఇవాళ తెలిసేదే, కొద్దిలో తప్పింది. ఎడమవైపు దూరంగా ఒక స్టాపర్ బిగించి, దానికీ ప్లేటుకూ మధ్య 40 మి.మీ. ముక్కలు ఒకటి, రెండు, మూడు అని పేరుస్తూ పోదామనుకున్నాను. ఐదు ముక్కలూ కోసి, చివరలు చదునుగా ఫేస్ చేసి, సరదాకి ఐదింటినీ కలిపి కొలిస్తే 199.87 వచ్చింది. విడివిడిగా ఒక్కోటి 39.97 దగ్గర ఉంది. అన్నీ ఒకే సెట్టింగులో కోసినవి, అన్నీ ఒకేలా పొట్టి. బేస్‌లైన్ కాగితం మీదే మిగిలింది, బల్ల మీద మళ్లీ గొలుసే పేర్చాను.

ముక్కలు పక్కన పడేసి 40, 80, 120, 160, 200 పొడవుల్లో ఐదు కడ్డీలు వేరుగా చేశాను. స్టాపర్ డ్రిల్ నుంచి 220 దూరంలో. కడ్డీ లేకుండా ప్లేటు ఆనిస్తే ఆరో రంధ్రం, 40 కడ్డీ పెడితే ఐదోది, 200 కడ్డీ పెడితే మొదటిది. ఏ రంధ్రానికైనా నడుమ ఒక్క కడ్డీకి మించి ఉండదు. స్టాపర్ కొంచెం తప్పుగా ఉంటే ఆరు రంధ్రాలూ కలిసికట్టుగా జరుగుతాయి, వాటి మధ్య దూరం మారదు.

పదకొండో రోజు

కొత్త ప్లేటు, కొత్త పట్టీ. అంచు నుంచి కొలతలు ప్లేటులో 20.04, 59.97, 100.05, 140.03, 179.97, 220.05. పట్టీలో 20.01, 59.96, 100.07, 140.00, 179.95, 220.06.

ఆరు స్క్రూలూ వేలితోనే దిగాయి. రంధ్రానికి రంధ్రం పోల్చి చూస్తే ప్లేటుకూ పట్టీకీ తేడా ఎక్కడా 0.03 దాటలేదు. దీన్ని బేస్‌లైన్ గొప్పతనంగా రాసుకుంటే మోసమే. రెండింటికీ అవే కడ్డీలు వాడాను కాబట్టి కడ్డీల తప్పు రెండింటిలోనూ ఒకేలా పడి రద్దయింది. ప్లేటు ఒక చోట, పట్టీ మరో చోట చేయిస్తే ఈ లాభం ఉండదు. అప్పుడు డ్రాయింగులోని 0.4 మీదే ఆధారపడాలి.

పన్నెండో రోజు

కౌంటర్‌బోర్ల సంగతి రాయాలి, మెట్టు రంధ్రంలో అదే రెండో సగం.

పాత ప్లేటులో కౌంటర్‌బోర్లు వేరే సెట్టింగులో, ప్లేటును అటు చివర ఇటు తిప్పి, కుడి అంచు నుంచి కొలుచుకుని 11 మి.మీ. ఎండ్‌మిల్‌తో వేశాను. సన్న రంధ్రానికి ఎడమ అంచు ఆధారం, వెడల్పు రంధ్రానికి కుడి అంచు ఆధారం. ప్లేటు పొడవు 240.18 ఉంది. ఆ 0.18 మొత్తం రెండు రంధ్రాల కేంద్రాల మధ్య తేడాగా వచ్చి పడింది, దాని మీద మిగతా తప్పులు అదనం. కొలవనక్కర లేకుండా కంటికే తెలుస్తుంది. స్క్రూ తల కూర్చునే మెట్టు చుట్టూ ఒకే వెడల్పులో, 2.3 మి.మీ. ఉండాలి. నా ప్లేటులో ఒక పక్క బొద్దుగా, ఎదురు పక్క సన్నగా ఉంది.

దీనికీ హద్దుంది. స్క్రూ తల 10, కౌంటర్‌బోర్ 11, చుట్టూ 0.5 ఖాళీ. సన్న రంధ్రంలో స్క్రూ ఒక పక్కకు 0.2 దాకా జరగవచ్చు. కాబట్టి రెండు కేంద్రాల తేడా 0.3 దాటితే తల గోడకు రాసుకుని, సన్న రంధ్రంలో ఇచ్చిన ఖాళీని ముందే తినేస్తుంది. వరుస కొలతలన్నీ సరిగా ఉన్నా స్క్రూ మొరాయిస్తుంది, తప్పేమో కౌంటర్‌బోర్‌లో ఉంటుంది.

కొత్త ప్లేటుకు పైలట్ ఉన్న కౌంటర్‌బోర్ కట్టర్ వాడాను. కట్టర్ కొనన ఉన్న నున్నటి పైలట్ 6.36, అది 6.44 రంధ్రంలో దూరి దారి చూపిస్తుంది. కేంద్రాల తేడా 0.04కు మించే వీలు లేదు. డ్రాయింగులో కూడా కౌంటర్‌బోర్‌కు విడిగా దూరం ఇవ్వలేదు. రెండు వ్యాసాలకూ ఒకటే మధ్యగీత, దాని మీద ఒకటే కొలత.

పదమూడో రోజు

ఐదు, ఆరు స్క్రూల దగ్గర ప్లేటుకూ పట్టీకీ మధ్య, దానికోసం తీసిన గాడిలో ఒక సెన్సార్ బ్రాకెట్ కూర్చోవాలి. కొని తెచ్చినది. రెండు 6.0 రంధ్రాలు, మధ్య దూరం కొలిస్తే 40.00. స్క్రూ 5.90 కాబట్టి మొత్తం సర్దుబాటు 0.10. కొత్త పట్టీలో ఐదుకూ ఆరుకూ మధ్య 220.06లోంచి 179.95 తీస్తే 40.11. బ్రాకెట్ దిగలేదు. దిగేలా ఊరించి, రెండో స్క్రూ దగ్గర ఆగిపోయింది.

చెత్తబుట్ట పక్కన పడేసిన పాత పట్టీ తీసి చూశాను. అందులో ఆ దూరం 39.94. బ్రాకెట్ హాయిగా కూర్చుంది. ఆరో స్క్రూ దిగనివ్వని గొలుసు పట్టీ ఈ పనికి పనికొచ్చింది. ఎనిమిదో రోజు చూడకుండా వదిలేసిన ±0.2 ఇదే. కొత్త పట్టీలో అంచు నుంచి ప్రతి రంధ్రమూ హద్దులోనే ఉంది. ఐదోది 0.05 తక్కువ, ఆరోది 0.06 ఎక్కువ. రెండూ ఎదురుగా పోయాయి. 40 కడ్డీ కొలిస్తే 40.08 ఉంది, ఫేస్ చేయడంలో బద్ధకించాను.

పక్కపక్క రెండు రంధ్రాల దూరమే పనికి ముఖ్యమైతే ఆ దూరాన్ని నేరుగా రాయాలి, మిగతావాటిని ఆధారం నుంచి. అందుకని పట్టీ డ్రాయింగులో ఆరోదానికి అంచు నుంచి ఉన్న కొలత తీసేసి, ఐదో రంధ్రం నుంచి 40 ±0.05 రాశాను. రెండూ ఉంచితే ఏది మాట వినాలో తొలిచేవాడికి తెలియదు.

వెంటనే ఇంకో లెక్క తేలింది. ఐదోది 180 ±0.1, దాని మీద ±0.05 అంటే ఆరోది అంచు నుంచి ±0.15. ఒకటికీ ఆరుకూ మధ్య ±0.25, ప్లేటు 0.2 కలిపితే 0.45. ఖాళీ 0.4 దాటిపోయింది. కాబట్టి ఐదోదాన్ని 180 ±0.05కు బిగించాను. మళ్లీ ఆరోది ±0.1 దగ్గరికి వచ్చింది. నాలుగు రంధ్రాలకు వదులు, ఒక్కదానికి గట్టి హద్దు.

పదిహేనో రోజు

మూడో పట్టీ. 40 కడ్డీని మళ్లీ ఫేస్ చేశాను. ఐదోది దాకా కడ్డీలతో, ఆరోదానికి మాత్రం పాత పిన్ను జిగ్. తుక్కు ముక్క మీద రెండు రంధ్రాలు తొలిచి, ఎటు నెట్టి పట్టుకోవాలో చూసుకుని, పిన్నును ఆ మేరకు సర్దాను. ఒక్క అడుగే కాబట్టి పేరుకునేదేమీ లేదు. ఐదోది 180.02, ఐదు నుంచి ఆరుకు 40.03, అంచు నుంచి 220.05. బ్రాకెట్ దిగింది, పైన ప్లేటు దిగింది, ఆరు స్క్రూలూ దిగాయి.

ఒక బెంగ మిగిలింది. పట్టీ ఎడమ అంచు రంపంతో కోసినది. గుణియం పెట్టి చూస్తే వెడల్పు మీద 0.15 వాలు ఉంది. స్టాపర్ ఏ మూలకు తగిలిందన్నదాన్ని బట్టి ఆరు రంధ్రాలూ కలిసి జరుగుతాయి. బిగింపుకు దానివల్ల నష్టం లేదు, పట్టీ చివర ప్లేటు చివరతో కలవదు, అంతే. తర్వాతి డ్రాయింగులో అంచును వదిలేసి మొదటి రంధ్రాన్నే ఆధారంగా తీసుకుంటాను. అప్పుడు ఒకటి నుంచి ఏ రంధ్రానికైనా ±0.2 కాకుండా ±0.1 మాత్రమే. అంచుకు 20 ±0.5 ఇచ్చినా పోయేదేమీ లేదు. ప్లేటు మొదటి రంధ్రంలో దూరే పిన్నును ఈసారి 6.42 వ్యాసంతో చేయాలి.